దొరికిపోతానన్న భయం: ఒక బ్రాంచి మేనేజర్ మాట



నన్ను పిలిచిన విద్యార్థి మిత్రులు నాయకత్వం గురించి మాట్లాడమన్నారు. నాకు దాని గురించి తెలిసింది తక్కువ. భయం గురించి మాత్రం కొంచెం ఎక్కువే తెలుసు. అందుకని, ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో ప్రమోషన్ వచ్చి బ్రాంచి మేనేజర్ కుర్చీలో కూర్చున్న మొదటి ఏడాదిలో నాకేమైందో, నేనేం చేశానో చెప్తాను. మీలో చాలామంది రేపు ఏదో ఒక కుర్చీలో కూర్చుంటారు. కొందరు ఇప్పటికే పాఠాలు చెప్తున్నారు, డిపార్ట్‌మెంట్లు నడుపుతున్నారు. మీ అనుభవంతో పోల్చి చూసుకోండి.

2018లో నాకు మూడో స్కేలు, అంటే సీనియర్ మేనేజర్ ప్రమోషన్ వచ్చింది. మా బ్యాంకులో ప్రమోషన్‌తోపాటు బదిలీ కూడా ఖాయం. నన్ను మరాఠ్వాడాలో ఒక తాలూకా టౌనుకి వేశారు. అంతకుముందు నేను ఎక్కువకాలం కంప్యూటర్ విభాగంలో పనిచేసినవాణ్ని. పెద్దగా లోన్లు ఇచ్చిన అనుభవం లేదు. చేరిన రోజు పాత మేనేజర్ తాళాలు, రిజిస్టర్లు అప్పజెప్పి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం క్యాబిన్లో ఒక్కణ్నే కూర్చుంటే వచ్చిన మొదటి ఆలోచన ఇది: వీళ్లకి ఎన్నాళ్లకి తెలుస్తుంది?

ఏం తెలుస్తుందని అడుగుతారేమో. అసలు సంగతంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ఈ భయానికి చదువుకున్నవాళ్లు పెట్టిన పేరుంది. 1978లో అమెరికాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీకి చెందిన పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ‘ఇంపోస్టర్ ఫెనామినన్’ అని ఒక వ్యాసం రాశారు. బాగా చదివి, మంచి ఉద్యోగాల్లో ఉన్న నూటయాభై మందికి పైగా స్త్రీలతో తాము చేసిన పని ఆధారంగా రాసింది అది. ఆ స్త్రీలు తమ విజయాన్ని అదృష్టం ఖాతాలోనో, ఎవరో పొరపాటు పడి మార్కులు వేశారన్న లెక్కలోనో వేసుకునేవారు. ఎప్పటికైనా నకిలీలమని బయటపడతామని భయపడేవారు. వాళ్లు దాన్ని రోగమనలేదు. ‘సిండ్రోమ్’ అన్న మాట తర్వాత జనం తగిలించింది. 2021లో రుచికా తుల్షియాన్, జోడీ-ఆన్ బ్యూరీ అనే ఇద్దరు రచయిత్రులు ఒక గట్టి ప్రశ్న వేశారు: ఆఫీసు మిమ్మల్ని రోజూ అనుమానంగా చూస్తుంటే, ఆ అనుమానాన్ని మీ మనసు జబ్బుగా రాసి మీకే మందు ఇవ్వడమేమిటి అని.

నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. ఎందుకంటే నాలో ఉన్నవి రెండు భయాలు. ఒకటి, నాకు పని రాదని తెలిసిపోతుందేమోనని. రెండోది, నేనెవరో తెలిసిపోతుందేమోనని. రెండూ కడుపులో ఒకేచోట తిప్పుతాయి కాబట్టి ఏది ఏదో నాకు చాలాకాలం తెలియలేదు.

రెండోదాని గురించి ముందు చెప్తాను. తెలుగు ఊళ్లలో దాచుకోవడం కుదరదు. ఇంటిపేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, ఊళ్లో ఏ వైపు ఇల్లు అని అడుగుతారు, ఆఖరికి నవ్వుతూ ‘మీరేమిట్లు?’ అని అడిగేస్తారు. మరాఠీవాళ్లకి నా ఇంటిపేరు వట్టి శబ్దం. ‘సర్, మీరు రావులా, రెడ్లా?’ అని మా హెడ్ క్యాషియర్ మొదటివారంలోనే అడిగాడు. నేను నవ్వి, ‘తెలుగువాళ్లం’ అన్నాను. అబద్ధం చెప్పలేదు. కానీ ఆ నవ్వుతో ఒక తలుపు వేసుకున్నాను. ఆ తలుపు తెరుచుకోకుండా ఏడాదిపాటు వీపు ఆనించి నిలబడ్డాను.

ఇది కొత్త కథ కాదని మీకు తెలుసు. 1917లో కొలంబియాలో చదివొచ్చిన బాబాసాహెబ్ బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. ఆ ఊళ్లో ఉండటానికి గది దొరక్క, ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించుకుని ఉన్నారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని మనుషులు వచ్చారు. ఈ సంగతి ఆయనే రాసుకున్నారు. అంత చదువు చదివిన మనిషి ఆ పది రోజులు మెట్లమీద అడుగుల చప్పుడు వినబడితే ఏమనుకుని ఉంటారా అని క్యాబిన్లో కూర్చుని అనుకునేవాణ్ని. ఆయన భయానికి బయట కర్రలున్నాయి. నా భయానికి బయట ఏముందో నేను చూసుకోవాల్సి ఉంది.

ఒకరోజు టీ దగ్గర ఇద్దరు స్టాఫ్, పక్క బ్రాంచిలో ప్రమోషన్ వచ్చిన ఒకాయన గురించి మాట్లాడుకుంటున్నారు. ‘ఈమధ్య ప్రమోషన్లు ఎలా వస్తున్నాయో అందరికీ తెలిసిందేగా’ అన్నాడొకడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఒంటికి ఏదో అంటుకున్నట్టుంటుంది.

ఇక్కడ ఒక వాస్తవం చెప్పాలి, విశ్వవిద్యాలయాల్లో చాలామందికి ఇది తెలియదు. బ్యాంకుల్లో క్లర్కు నుంచి మొదటి స్కేలు ఆఫీసరుగా వెళ్లేటప్పుడు ప్రమోషన్లో రిజర్వేషన్ ఉంది. ఆపై ఆఫీసర్ల మెట్లలో, సెలక్షన్ మీద ఇచ్చే ప్రమోషన్లలో లేదు. 2015 జనవరిలో సుప్రీంకోర్టు సెంట్రల్ బ్యాంకు కేసులో ఆరో స్కేలు దాకా ఇవ్వాలన్నట్టుగా తీర్పు చెప్పి, ఏడాది తిరిగేసరికి, 2016 జనవరిలో, రివ్యూలో ఆ ఆదేశాన్ని తొలగించింది. అంటే నేను ఎక్కిన మెట్టులో రోస్టర్ పాయింటు లేదు. అందరిలాగే పరీక్ష రాశాను, ఇంటర్వ్యూకి వెళ్లాను, వార్షిక పనితీరు మార్కులు కలిపారు. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగులకిచ్చే ప్రమోషన్ ముందటి శిక్షణకి కొద్దిరోజులు వెళ్లాను, అంతే.

ఈ లెక్కలన్నీ నాకు తెలుసు. తెలిసీ, టీ దగ్గర ఆ మాట విన్న రాత్రి, ‘ఆ శిక్షణ లేకపోతే పాసయ్యేవాడినా?’ అని నన్ను నేనే అడిగాను. వేల రూపాయలు పోసి ప్రైవేటు కోచింగ్ తీసుకున్నవాళ్లెవరూ ఆ ప్రశ్న వేసుకోరు. నేను పొందని రిజర్వేషన్‌కి కూడా సిగ్గుపడ్డానంటే చూడండి. పొంది ఉంటే మాత్రం సిగ్గెందుకు? ఆఫీసరుగా నా మొదటి ఉద్యోగం ఎస్సీ కోటాలోనే వచ్చింది. అది నా హక్కు. సభల్లో గట్టిగా అన్నవాణ్నే. కానీ ఈ సిగ్గుకి వాస్తవాలతో పనిలేదు. అది వినికిడి మీద బతుకుతుంది.

అశ్విని దేశ్‌పాండే, థామస్ వైస్కాఫ్ అనే ఆర్థికవేత్తలు భారతీయ రైల్వేల మీద చేసిన అధ్యయనం 2014లో అచ్చయింది. 1980 నుంచి 2002 దాకా లెక్కలు తీసి చూస్తే, ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల శాతం ఎక్కువైతే ఉత్పాదకత తగ్గిందనడానికి ఆధారమేమీ దొరకలేదు. పై స్థాయి ఉద్యోగాల విషయంలో కొన్ని లెక్కల్లో అది పెరిగినట్టు కూడా కనబడింది. 2019లో రెండో పవిత్ర కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ అధ్యయనాన్ని ప్రస్తావించింది. వాదనలో ఇది పనికొస్తుంది. అయితే అది రైల్వేల మొత్తం గురించి చెప్తుంది, ఫలానా బ్రాంచిలో ఫలానా మనిషి గురించి చెప్పదు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చినప్పుడు నేను మళ్లీ ఒంటరివాణ్నే.

ఇప్పుడు, ఈ భయం వల్ల నష్టపోయిందెవరో చెప్తాను. నేను మాత్రం కాదు.

సెప్టెంబరులో, వినాయక చవితి రోజులు, ఒక కుర్రాడు ఫైలు పట్టుకుని వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడి ‘జైభీమ్ సాహెబ్’ అన్నాడు. మరాఠ్వాడాలో మనవాళ్లు ఎదురైతే అనుకునే మామూలు పలకరింపు అది. తలుపు తెరిచే ఉంది, బయట కౌంటర్లో ముగ్గురు స్టాఫ్ ఉన్నారు. నేను ‘నమస్తే, కూర్చోండి’ అన్నాను.

అతనికి చిన్న పప్పుమిల్లు పెట్టుకోవాలని ఉంది. ఆ ప్రాంతం కందికి పేరు. స్టాండప్ ఇండియా కింద అప్పు అడిగాడు. 2016 ఏప్రిల్లో మొదలైన ఆ పథకం ప్రకారం, ప్రతి బ్యాంకు బ్రాంచీ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకి, పది లక్షల నుంచి కోటి రూపాయల దాకా కొత్త వ్యాపారానికి అప్పివ్వాల్సి ఉండేది. మా బ్రాంచిలో ఎస్సీ ఖాతా ఒక్కటీ లేదు.

అతని లెక్క ఇది. యంత్రాలకి, షెడ్డుకి 10 లక్షలు. ఏడాదికి 40 లక్షల అమ్మకం అంచనా. చిన్న పరిశ్రమలకి మేం వాడే పద్ధతిలో, అమ్మకంలో నాలుగో వంతు, అంటే 10 లక్షలు, సరుకు కొని నడపడానికి కావాలి. అందులో అమ్మకంలో ఐదు శాతం, 2 లక్షలు, యజమాని పెట్టుకుంటే, ఇరవై శాతం, 8 లక్షలు, బ్యాంకిస్తుంది. మొత్తం ఖర్చు 20 లక్షలు, సొంత డబ్బు 5 లక్షలు, అప్పు 15 లక్షలు. అప్పట్లో పథకం అడిగిన మార్జిన్ ఇరవై ఐదు శాతం దాకా. అతని దగ్గర సరిగ్గా అంతే ఉంది. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన తండ్రి డబ్బు అది.

15 లక్షలు నా అధికార పరిధిలోనే ఉంది. నేను సంతకం పెడితే సరిపోతుంది. పెట్టలేదు.

మొదట, ఫైలు రీజినల్ ఆఫీసుకి పంపాను. ‘ఇది మీ పరిధిలోదే, మీరే నిర్ణయించండి’ అని వాపసు వచ్చింది. తర్వాత మూడు కొటేషన్లు తెమ్మన్నాను. షెడ్డు అద్దె ఒప్పందం రిజిస్టర్ చేయించమన్నాను. కరెంటు వాళ్లు మూడు ఫేజుల లైను ఇస్తామని రాసిస్తే తెమ్మన్నాను. ఇవన్నీ ఎలాగో తెచ్చాడు. మూడేళ్ల ఇన్‌కంటాక్స్ రిటర్నులు అడిగాను. కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవాడి దగ్గర వ్యాపార రిటర్నులు ఎక్కణ్నుంచి వస్తాయి? వేరేవాళ్ల భూమి తనఖా పెట్టించమన్నాను. ఆ పథకానికి ప్రత్యేకంగా క్రెడిట్ గ్యారంటీ నిధి ఉండేది, తనఖాకి బదులు దాన్ని వాడుకునే వీలుండేది. ఆ సర్క్యులర్ నా డ్రాయర్లోనే ఉంది.

మనసులో నడిచిందేమిటో ఇప్పుడు చెప్పగలను. ఈ అప్పు మొండిబాకీ అయితే, అంటే తొంభై రోజులు కట్టకపోతే, ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు అని చూస్తారు. రెండు పేర్లూ పక్కపక్కన పెడతారు. ‘మనవాడికి మనవాడు ఇచ్చుకున్నాడు’ అంటారు. అప్పుడు నా పని రానితనమూ, నా కులమూ ఒకే కాగితం మీద దొరికిపోతాయి. ఆ ఒక్క కాగితం పుట్టకుండా ఉండటానికి అన్ని కాగితాలు అడిగాను.

దీనికి ‘జాగ్రత్త’ అని పేరు పెట్టుకున్నాను. ఆ పేరుతో ఎవర్నైనా మోసం చేయొచ్చు, ముందుగా మనల్ని మనమే.

డిసెంబరులో మా ఉద్యోగుల సంక్షేమ సంఘంలో పెద్దాయన ఒకరికి ఫోన్ చేశాను. రిటైర్‌మెంట్‌కి దగ్గరపడిన మనిషి. నిద్ర పట్టట్లేదన్నా, ఈ మేనేజరీ నావల్ల కాదు, వెనక్కి పంపమని రాసిస్తాను అన్నాను. ఆయన ధైర్యం చెప్పలేదు. ‘తమ్ముడూ, నీ భయంలో ఆడిట్‌కి దొరికేదేది, దొరకనిదేది?’ అని అడిగాడు. నాకర్థం కాలేదు. ‘నీకు రాని పని ఏంటో పేరు పెట్టి చెప్పు. అంతా రాదు అనకు’ అన్నాడు.

అలా అడిగితే, నిజంగా రానిది ఒక్కటి తేలింది. ఇందాక నేను మీకు గడగడా చెప్పిన నిర్వహణ పెట్టుబడి లెక్క అప్పటికి నాకు రాదు. బ్యాలన్స్ షీటు చూసి ప్రశ్న వేయడం రాదు. ఆ సంగతి స్టాఫ్‌కి తెలియకూడదని మూడు నెలలు ఎవర్నీ అడగలేదు. రాత్రుళ్లు మాన్యువల్ చదివి, అర్థంకాక, పొద్దున అర్థమైనట్టు తలూపేవాణ్ని. ‘మరి అది వచ్చినవాళ్లు మీ బ్రాంచిలో ఎవరున్నారు?’ అన్నాడాయన. ఉన్నారు. నాకంటే పదేళ్లు చిన్నదైన లోన్ ఆఫీసర్. మర్నాడు ఆమెను పిలిచి, ‘అమ్మా, ఇది నాకు రాదు, నేర్పుతావా?’ అన్నాను. ఆమె ముఖంలో ఆశ్చర్యం కనబడింది, చులకన కనబడలేదు. రెండు సాయంత్రాలు పట్టింది. రెండంటే రెండే. దానికోసం మూడు నెలల నిద్ర పోగొట్టుకున్నాను.

ఇది ఆడిట్‌కి దొరికే భయం. నేర్చుకుంటే పోతుంది, నేర్చుకోకపోతే దొరకాల్సిందే. దాన్ని కులం ఖాతాలో వేసి తప్పించుకోవడం కూడా సరికాదు. మనలో కొందరు ఆ పొరపాటు చేస్తారు, నేనూ చేశాను.

రెండోదానికి ఆయన ఇంకో పని చెప్పాడు. ‘ఆ పప్పుమిల్లు ఫైలు, అదే సైజులో నువ్విచ్చిన ఇంకో ఫైలు పక్కపక్కన పెట్టుకుని చదువు. మనసుతో కాదు, తేదీలతో చదువు’ అన్నాడు.

అక్టోబరులో ఒక ఎరువుల దుకాణం ఆయనకి 16 లక్షలు ఇచ్చాను. ఊళ్లో పలుకుబడి ఉన్న కుటుంబం. ఆ ఫైల్లో నేను రాసిన అభ్యంతరాలు మూడు. అప్లికేషన్ నుంచి శాంక్షన్‌కి తొమ్మిది రోజులు. పప్పుమిల్లు ఫైల్లో అభ్యంతరాలు పదకొండు. శాంక్షన్ అప్పటికింకా లేదు. పదకొండిట్లో నాలుగింటికి ఏ సర్క్యులర్లోనూ ఆధారం లేదు. చేతిరాత నాది. సంతకం నాది. కొత్త వ్యాపారానికి, పాత దుకాణానికి కొంత తేడా ఉంటుందని సర్దిచెప్పుకుందామని చూశాను. ఆ తేడా పదకొండులో రెండో మూడో ప్రశ్నలకి సరిపోతుంది, అంతకుమించి లాగదు.

ఆ సాయంత్రం నాకు తెలిసినదిది: బయటివాళ్లు నన్ను ఏ కళ్లతో చూస్తారని భయపడ్డానో, ఆ కళ్లతోనే నేను ఆ కుర్రాణ్ని చూశాను. ఒక సవర్ణ మేనేజరు ఇదే ఫైలు తొక్కిపెట్టి ఉంటే మేం సంఘం తరఫున ఫిర్యాదు రాసేవాళ్లం. రాయడానికి ఆధారాలన్నీ ఆ ఫైల్లోనే ఉన్నాయి.

ఇక్కడ పరిశోధన చేసేవాళ్లకి ఒక మాట. ఈ భయాన్ని కొలవాలంటే ‘మీకేమనిపిస్తోంది?’ అన్న ప్రశ్నలతో ఆగిపోకండి. క్లాన్స్ తయారుచేసిన కొలమానంలో ఇరవై ప్రశ్నలున్నాయి, అన్నీ అనిపించడం గురించే. అలా అనిపించిన మనిషి చేతిలో పెన్ను ఉంటే ఆ పెన్ను ఏం చేసిందో చూడండి. గైడ్ అయిన దళిత ప్రొఫెసర్ తన దళిత విద్యార్థి థీసిస్‌ని ఎన్నిసార్లు తిప్పి పంపాడు, ఇతరులది ఎన్నిసార్లు? కారణం కఠినత్వమా, తన సొంత భయమా? తేదీలుంటాయి, చూస్తే దొరుకుతుంది. అలాగని ఇలా జరిగిన ప్రతిచోటా ఇదే కారణమని కూడా అనను. నా దగ్గరున్నవి రెండు ఫైళ్లు మాత్రమే.

జనవరిలో శాంక్షన్ చేశాను, గ్యారంటీ నిధి కింద, తనఖా లేకుండా. యంత్రాలు వచ్చి బిగించేసరికి మార్చి దాటింది. కంది జనవరి నుంచి మార్కెట్‌కి వస్తుంది. రైతు దగ్గర చవగ్గా కొనుక్కోవాల్సిన నెలలు అవే. ఆ సీజను అతనికి పోయింది. మొదటి ఏడాది వ్యాపారుల దగ్గర ఎక్కువ ధర పెట్టి కొన్నాడు. ఆ తర్వాత ఒకసారి కిస్తీ నెలన్నర ఆలస్యమైంది. ఆ నలభై ఐదు రోజులూ నేను రోజూ పొద్దున సిస్టం తెరవగానే ఆ ఖాతా చూసేవాణ్ని. ఆలస్యానికి కారణం నేను పోగొట్టిన సీజనే అని నాకు తెలుసు. ఒకవేళ మొండిబాకీ అయితే రికార్డులో అతని అసమర్థత అని ఉంటుంది. అలా అయ్యుంటే, మనవాళ్లు అప్పు కట్టరన్న మాటకి నేనే ఒక రుజువు తయారుచేసి ఇచ్చినవాణ్నయ్యేవాణ్ని. కాలేదు, కట్టేశాడు.

తలుపు సంగతి కూడా చెప్పాలి. ఏప్రిల్ 14కి టౌనులో ఊరేగింపు. ఉదయం మా బ్రాంచి ముందునుంచే వెళ్తుంది. ఆరోజు సెలవు. నేను వెళ్లి విగ్రహానికి దండ వేశాను. మా హెడ్ క్యాషియర్ బండి మీద వెళ్తూ చూశాడు. మర్నాడు ఏమీ అనలేదు. కొన్నాళ్లకి టీ దగ్గర మాటలు తగ్గాయి. నన్ను పిలవకుండా తాగడం మొదలుపెట్టారు ఇద్దరు ముగ్గురు. కాబట్టి నా రెండో భయం వట్టి భ్రమ కాదు. బయట ఉన్నదే. తెలిశాక ఏమీ కాదులే అని మీకు చెప్పను, అయింది. కానీ నగదు గది తాళాలు రెండు, ఒకటి ఆయన దగ్గర, ఒకటి మా ఆఫీసర్ల దగ్గర. ఇద్దరూ కలిస్తేగానీ తెరుచుకోదు. రోజూ తెరుచుకునేది. పని నడిచింది. లోన్ ఆఫీసర్ మాత్రం మామూలుగానే వచ్చి టీ తాగేది.

ఇప్పుడు నేను ఇంకో మెట్టు పైన ఉన్నాను. కొత్త సీట్లో కూర్చున్న ప్రతిసారీ ఆ మొదటి సాయంత్రపు ప్రశ్న మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడల్లా రాని పని పేరు ఒక కాగితం మీద రాస్తాను. మూడు నెలలకోసారి రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టుకుంటాను. ఇంతకంటే నా దగ్గర వేరే ఉపాయం లేదు.

ఆ పప్పుమిల్లు నడుస్తోంది. అతను అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. ‘మీరే లేకపోతే లోను వచ్చేది కాదు సాహెబ్’ అంటాడు. ఆ పదకొండు అభ్యంతరాలు బ్యాంకు రూల్సని ఇప్పటికీ అనుకుంటున్నాడు. అవి ఎవరివో నేనింకా చెప్పలేదు. ఇవాళ తెలుగులో, మీకు చెప్పాను. మరాఠీలో చెప్పాల్సింది మిగిలే ఉంది.

ప్రశ్నలుంటే అడగండి.